చార్మినార్ ముందు ఒక నీడ: పాత ఛాయాచిత్రంలో కెమెరా దిక్కును నిర్ణయించడానికి త్రిప్రశ్న పద్ధతి

వ్యాససంగ్రహం:

పాత ఛాయాచిత్రాలను చారిత్రక ఆధారాలుగా వాడే పరిశోధకునికి చిత్రం ఏ దిక్కుకు చూస్తూ తీసినదో తెలియడం తరచుగా అవసరమవుతుంది. నాలుగు ముఖాలూ ఒకేలా ఉండే చార్మినార్ వంటి కట్టడాల విషయంలో ఈ ప్రశ్న మరీ జటిలం. చిత్రంలో కనిపించే ఒక్క నీడ ఆధారంగా కెమెరా దిక్కును ఎలా నిర్ణయించవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది. సూర్యసిద్ధాంతంలోని త్రిప్రశ్నాధికారం ఇదే ప్రశ్నకు ఇచ్చిన గణితాన్ని ఒక నమూనా చిత్రానికి అన్వయించి, ఆ పద్ధతి ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తప్పుతుందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఛాయాచిత్రం, శంకుచ్ఛాయ, త్రిప్రశ్నాధికారం, పలభ, చార్మినార్, దిక్సాధన.

1. ఉపోద్ఘాతం

1591లో నిర్మితమైన చార్మినార్ నాలుగు కమానులు సుమారుగా నాలుగు దిక్కులకు, నాలుగు వీధులకు తెరుచుకొని ఉంటాయి. నాలుగు ముఖాల నిర్మాణం ఒక్కటే. పై అంతస్తులో పశ్చిమ భాగాన మసీదు ఉన్నప్పటికీ, వీధిలో నిలబడి తీసిన చిత్రంలో అది గుర్తుపట్టేంత స్పష్టంగా కనిపించదు. 1889లో నాలుగు వైపులా గడియారాలు అమర్చినప్పుడు కూడా ఈ సమానత్వం చెదరలేదు. అందువల్ల చార్మినార్‌ను దగ్గరగా చూపే పాత చిత్రం చేతికి వచ్చినప్పుడు, అది కట్టడం యొక్క ఏ ముఖమో చెప్పడం కంటితో అయ్యే పని కాదు.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్‌దయాళ్ కాలం నుండి ఈ ప్రాంతాన్ని ఎందరో చిత్రించారు. అటువంటి చిత్రాల అంచులలో అప్పటి దుకాణాలు, వసారాలు, నీటి తొట్లు, ఇప్పుడు లేని గోడలు కనిపిస్తాయి. పరిశోధకునికి అసలు విలువైనవి ఆ అంచులే. చిత్రం ఉత్తరానికి చూస్తున్నదైతే కమాను వెనుక కనిపించేది చార్‌కమాన్ వైపు వీధి. దక్షిణానికి చూస్తున్నదైతే అది పూర్తిగా వేరే వీధి. దిక్కు తప్పితే లేని చోట ఒక దుకాణాల వరుస ఉన్నట్లు రుజువవుతుంది. ఒకసారి చిత్రం కింద రాసిన వాక్యం తరువాతి గ్రంథాలలోకి, సిద్ధాంతవ్యాసాలలోకి ప్రశ్న లేకుండా ప్రవేశిస్తుంది.

ఈ చిక్కుకు పరిష్కారం చాలాసార్లు ఆ చిత్రంలోనే, వీధిలో నిలిచిన ఒక దీపస్తంభం పాదం వద్ద ఉంటుంది. ఆ స్తంభం నీడ ఒక శంకుచ్ఛాయ. దానిని చదివే విధానం మన జ్యోతిర్గణితానికి కొత్త కాదు.

2. త్రిప్రశ్న: దిక్కు, దేశం, కాలం

సూర్యసిద్ధాంతంలో మూడవ అధ్యాయం పేరు త్రిప్రశ్నాధికారం. ఆ మూడు ప్రశ్నలు దిక్కు, దేశం, కాలం. ఈ మూడింటికీ సమాధానం వెదికే సాధనం ఒక్కటే. అది నిలువుగా నిలిపిన పన్నెండు అంగుళాల శంకువు, దాని నీడ. నూతన గృహానికి పునాది వేయడాన్ని తెలుగులో నేటికీ శంకుస్థాపన అంటున్నాం. కట్టడానికి ముందు శంకువు నాటి దిక్కులు తేల్చుకొనే వాస్తుసంప్రదాయం ఈ మాటలో నిలిచి ఉంది.

ఆ గ్రంథం మొదట చెప్పే దిక్సాధన అందరికీ తెలిసినదే. నీటితో సమతలం చేసిన నేలపై వృత్తం గీసి, మధ్యలో శంకువు నిలపాలి. ఉదయం నీడ కొస వృత్తంలోనికి ప్రవేశించిన బిందువునూ, మధ్యాహ్నం దాటిన తరువాత వృత్తం నుండి బయటికి వెళ్ళిన బిందువునూ గుర్తించాలి. ఆ రెండింటినీ కలిపితే తూర్పు పడమర రేఖ వస్తుంది. కాత్యాయన శుల్బసూత్రంలోనూ ఈ పద్ధతి ఉంది. దీనికి తేదీ తెలియనక్కరలేదు, అక్షాంశం తెలియనక్కరలేదు. అయితే ఒక రోజులో రెండు నీడలు కావాలి. ఛాయాచిత్రంలో ఉన్నది ఒక్క నీడ. షట్టర్ మూసుకున్న తరువాత ఆ సూర్యుడు మధ్యాహ్నం దాటి మరో నీడను ఇవ్వడు.

అందువల్ల ఛాయాచిత్రానికి ఉపకరించేది అదే అధ్యాయంలో తరువాత వచ్చే భాగం. అక్కడ ఒకే నీడ పొడవు నుండి దాని దిక్కును రాబట్టే గణితం ఉంది. రెండవ నీడ స్థానంలో అది రెండు విషయాలను ముందుగా తెలిసినవిగా తీసుకొంటుంది. ఒకటి ఆ ఊరి అక్షాంశం, రెండవది ఆ రోజు సూర్యుని క్రాంతి, అంటే సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరాన లేదా దక్షిణాన ఉన్నాడన్నది. క్రాంతి తేదీని బట్టి తెలుస్తుంది. మూడు ప్రశ్నలలో రెండింటికి సమాధానం ఉంటే మూడవది దొరుకుతుందన్నదే ఈ అధ్యాయంలోని అంతస్సూత్రం.

ఈ సూత్రం ఆధునిక ఛాయాచిత్ర పరిశోధనలోనూ పనిచేసింది. 1945 ఆగస్టు 14న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఆల్‌ఫ్రెడ్ ఐసెన్‌స్టాట్ తీసిన నావికుని ముద్దు చిత్రం ఏ సమయానిదన్నది చాలాకాలం వివాదంగా ఉంది. చిత్రంలోని పాత్రలు తామేనని పలువురు చెప్పుకోవడం ఆ వివాదానికి కారణం. డొనాల్డ్ ఓల్సన్, రస్సెల్ డోషర్, స్టీవెన్ కవాలర్ అనే భౌతిక, ఖగోళ శాస్త్రజ్ఞులు వెనుక ఉన్న భవనంపై పడిన ఆస్టర్ హోటల్ ప్రకటన ఫలకం నీడను గుర్తించి, ఆ నీడ అక్కడ పడాలంటే సమయం సాయంత్రం 5 గంటల 51 నిమిషాలు కావాలని 2015లో తేల్చారు. అక్కడ దిక్కు, దేశం తెలుసు, కాలం తెలియదు. చార్మినార్ చిత్రంలో దేశం, కాలం తెలుసు, దిక్కు తెలియదు. ప్రశ్న తిరగబడింది గాని గణితం మారలేదు.

3. భుజ, పలభ, కర్ణాగ్ర

సూర్యసిద్ధాంత పద్ధతిలోని పరిభాష మూడు మాటలలో ఇమిడిపోతుంది. వాటిని హైదరాబాదుకు అన్వయించి చూడవచ్చు.

మొదటిది పలభ. విషువద్దినాన, అంటే పగలు రాత్రి సమానమైన రోజున, మధ్యాహ్నం పన్నెండు అంగుళాల శంకువుకు పడే నీడ పొడవు ఇది. ఈ కొలత ఊరి అక్షాంశాన్ని మాత్రమే చెబుతుంది. త్రిప్రశ్నలలోని దేశం ఇందులో ఉంది. హైదరాబాదు అక్షాంశం 17.36 డిగ్రీలు కనుక అక్కడ పలభ సుమారు 3.75 అంగుళాలు.

రెండవది అగ్ర. సూర్యుడు సరిగ్గా తూర్పున కాక, దానికి ఉత్తరంగానో దక్షిణంగానో ఉదయించే దూరాన్ని ఇది సూచిస్తుంది. ఆధునిక పరిభాషలో, క్రాంతి యొక్క సైన్ విలువను అక్షాంశం యొక్క కొసైన్ విలువతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఇది. శంకువు కొస నుండి నీడ కొస వరకు గల వాలు దూరం ఛాయాకర్ణం. అగ్ర నిష్పత్తిని ఛాయాకర్ణంతో గుణిస్తే కర్ణాగ్ర వస్తుంది.

మూడవది భుజ. నీడ కొస తూర్పు పడమర రేఖ నుండి ఎంత ఉత్తరాన లేదా దక్షిణాన పడిందో చెప్పే దూరం ఇది. సూర్యుడు దక్షిణ గోళంలో ఉన్నప్పుడు పలభకు కర్ణాగ్రను కలిపితే భుజ వస్తుంది. ఉత్తర గోళంలో ఉన్నప్పుడు పలభ నుండి కర్ణాగ్రను తీసివేయాలి. ఫలితం ధనమైతే నీడ ఉత్తరానికి, ఋణమైతే దక్షిణానికి వాలుతుంది. భుజ తెలిసిన తరువాత దానిని నీడ పొడవుతో భాగిస్తే నీడ ఉత్తర రేఖతో చేసే కోణం కొసైన్ విలువ లభిస్తుంది.

ఈ గణితంలో ఎక్కడా గడియారం లేదు. నీడ పొడవు తెలిస్తే సూర్యుని ఎత్తు తెలిసినట్లే. ఆ ఎత్తుకు సూర్యుడు రోజులో రెండుసార్లు వస్తాడు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. కనుక సమాధానం రెండుగా వస్తుంది. ఉదయమైతే నీడ పడమటి వైపు, సాయంత్రమైతే తూర్పు వైపు. చిత్రం పూర్వాహ్ణమా, అపరాహ్ణమా అన్న ఒక్క సమాచారం బయటి నుండి రావాలి.

4. ఒక నమూనా చిత్రం

పద్ధతిని అంకెలలో చూపడానికి ఒక ఊహాచిత్రాన్ని తీసుకొందాం. 1910 జనవరి 15 అని వెనుక రాసి ఉన్న గాజుపలక చిత్రం. చార్మినార్ ఒక ముఖం నేరుగా ఎదురుగా ఉంది. గడియారం తొమ్మిది గంటలు చూపుతోంది. ముందు వీధిలో ఒక దీపస్తంభం, దాని నీడ ఎడమవైపుకు, కెమెరాకు దూరంగా పడి ఉంది. పలక వెడల్పు 21.6 సెంటీమీటర్లు, కటక నాభ్యంతరం 30 సెంటీమీటర్లు అనుకొందాం.

మొదటి పని చిత్రంలో కనిపించే కోణాన్ని నేలపై ఉన్న కోణంగా మార్చడం. చిత్రంపై కోణమానిని పెట్టి నీడ వాలును కొలిచి, అదే నేలపై కోణమని భావించడం ఈ పనిలో సర్వసాధారణంగా జరిగే పొరపాటు. నేల చిత్రంలో నొక్కుకుపోయి కనిపిస్తుంది కనుక చిత్రంలోని వాలు నిజమైన వాలు కాదు. సరైన మార్గం క్షితిజరేఖ ద్వారా వెళ్ళడం. వీధి అంచులు, గోడల వరుసలు దూరంలో కలిసే బిందువు గుండా క్షితిజరేఖ వెళుతుంది. కెమెరాను వంచకుండా తీసిన చిత్రంలో అది కెమెరా ఎత్తున అడ్డంగా ఉంటుంది. స్తంభం పాదం నుండి నీడ కొస వరకు గీత గీసి, దానిని క్షితిజరేఖను తాకే వరకు పొడిగించాలి. ఆ బిందువు చిత్రమధ్యం నుండి ఎంత దూరంలో ఉందో కొలిచి, నాభ్యంతరంతో భాగిస్తే, కెమెరా చూపుకూ నీడకూ మధ్య గల కోణం టాంజెంట్ విలువ వస్తుంది.

మన నమూనాలో ఆ బిందువు మధ్యం నుండి ఎడమకు 42 సెంటీమీటర్ల దూరాన ఉంది. పలక సగం వెడల్పు 10.8 సెంటీమీటర్లే కనుక బిందువు పలకకు చాలా బయట, పెద్ద కాగితంపై పలకను అతికించి గీస్తే గాని దొరకని చోట ఉంటుంది. 42ను 30తో భాగిస్తే 1.4. ఆ టాంజెంట్‌కు కోణం 54.5 డిగ్రీలు. అంటే నీడ కెమెరా చూపుకు ఎడమవైపు 54.5 డిగ్రీలలో పోతోంది.

రెండవ పని నీడ పొడవు. స్తంభం శిరస్సు నుండి నీడ కొసకు గీసిన గీతను కిందికి పొడిగిస్తే, అది 42 సెంటీమీటర్ల బిందువుకు సరిగ్గా దిగువన ఒక చోట నిలువు గీతను ఖండిస్తుంది. సూర్యుడు కెమెరా వెనుక ఉన్నప్పుడు ఈ ఖండన క్షితిజరేఖకు కింద పడుతుంది. నమూనాలో ఆ లోతు 25.8 సెంటీమీటర్లు. కటకం నుండి ఆ క్షితిజబిందువుకు దూరం 51.6 సెంటీమీటర్లు, అంటే 30, 42 భుజాలుగా గల లంబకోణ త్రిభుజపు కర్ణం. 25.8 అందులో సరిగ్గా సగం. కనుక స్తంభం ఎత్తు ఒకటైతే నీడ రెండు. పన్నెండు అంగుళాల శంకువుకు ఇరవై నాలుగు అంగుళాల నీడ అన్నమాట.

మూడవ పని భుజ. జనవరి 15న సూర్యుని క్రాంతి దక్షిణంగా 21.2 డిగ్రీలు. హైదరాబాదు అక్షాంశానికి అగ్ర నిష్పత్తి 0.379. పన్నెండు, ఇరవై నాలుగు భుజాలుగా గల త్రిభుజానికి ఛాయాకర్ణం 26.83 అంగుళాలు. రెండింటినీ గుణిస్తే కర్ణాగ్ర 10.17. సూర్యుడు దక్షిణ గోళంలో ఉన్నాడు కనుక పలభ 3.75కు దీనిని కలపాలి. భుజ 13.92 అంగుళాలు. దీనిని 24తో భాగిస్తే 0.58. ఆ కొసైన్‌కు కోణం 54.5 డిగ్రీలు. తొమ్మిది గంటల వెలుగు ఉదయానిదే కనుక నీడ ఉత్తరం నుండి పడమటికి 54.5 డిగ్రీలు తిరిగి ఉంది.

ఇక మిగిలింది కూడిక. నీడ ఉత్తరానికి ఎడమగా 54.5 డిగ్రీలు. అదే నీడ కెమెరా చూపుకు ఎడమగా 54.5 డిగ్రీలు. కాబట్టి కెమెరా చూపు ఉత్తరం. చిత్రంలో ఉన్నది చార్మినార్ దక్షిణ ముఖం. ఛాయాగ్రాహకుడు కట్టడానికి దక్షిణాన నిలబడి ఉన్నాడు. కమాను గుండా లోపల కనిపించే వీధి చార్‌కమాన్, గుల్జార్ హౌజ్ వైపు పోయేది.

చార్మినార్ విషయంలో ఇంత సూక్ష్మంగా కొలవవలసిన అవసరం కూడా లేదు. నీడ వాయవ్యానికి పడే ఆ ఉదయాన కెమెరా చూపు నాలుగు దిక్కులలో ఏదో ఒకటి మాత్రమే. ఉత్తరానికి చూస్తే నీడ ఎడమకు, దూరంగా పోతుంది. పడమరకు చూస్తే కుడికి, దూరంగా. తూర్పుకు చూస్తే ఎడమకు, కెమెరా వైపుకు. దక్షిణానికి చూస్తే కుడికి, కెమెరా వైపుకు. నాలుగు జవాబులకు నాలుగు వేర్వేరు రూపాలు. కోణం పది డిగ్రీలు తప్పినా జవాబు మారదు. అడిగే ప్రశ్న ఎంత స్థూలమైతే కొలతలో అంత సడలింపు ఉంటుంది. కట్టడం ఏ ముఖం అని కాక, కెమెరా ఏ డాబా మీద ఉంది అని అడిగినప్పుడు మాత్రం ప్రతి డిగ్రీ లెక్కలోకి వస్తుంది.

5. గడియారం చెప్పే సాక్ష్యం

పై లెక్కలో గడియారాన్ని ఉదయమని తెలుసుకోవడానికి మాత్రమే వాడాం. దానిని పూర్తిగా నమ్మి, గంటల నుండి సూర్యుని స్థానం కనుక్కొనే మార్గం కూడా ఉంది. రెండు మార్గాలూ కలిస్తే నిర్ధారణ బలపడుతుంది. కలవకపోతే ఆ తేడాయే ఒక చారిత్రక సమాచారం అవుతుంది.

గడియారం గంటను సూర్యుని గంటగా మార్చడానికి రెండు సవరణలు కావాలి. 82.5 డిగ్రీల రేఖాంశంపై ఆధారపడిన భారత ప్రామాణిక కాలం 1906 నుండి అమలులోకి వచ్చింది. హైదరాబాదు రేఖాంశం సుమారు 78.47 డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున స్థానిక కాలం ప్రామాణిక కాలం కన్నా 16 నిమిషాలు వెనుక ఉంటుంది. దీనికి తోడు, సూర్యుని నడక సమానంగా లేకపోవడం వల్ల జనవరి మధ్యలో ఎండగడియారం మామూలు గడియారం కన్నా మరో 9 నిమిషాలు వెనుకబడుతుంది. చార్మినార్ గడియారం ప్రామాణిక కాలాన్ని చూపుతున్నదైతే తొమ్మిది గంటలకు సూర్యుని ప్రకారం 8 గంటల 35 నిమిషాలు. అప్పుడు సూర్యుని ఎత్తు 26.6 డిగ్రీలు, నీడ శంకువుకు రెండింతలు. చిత్రంలో కొలిచినది కూడా అదే.

అదే గడియారం పాత స్థానిక కాలాన్నే చూపుతూ ఉన్నదనుకొంటే సూర్యుని ప్రకారం 8 గంటల 51 నిమిషాలు. సూర్యుని ఎత్తు 29.7 డిగ్రీలు, నీడ 1.75 రెట్లు. నీడ దిక్కు మాత్రం 2.4 డిగ్రీలే మారుతుంది. అంటే గడియారం ఏ కాలమానాన్ని అనుసరించినా కెమెరా దిక్కు నిర్ణయం చెదరదు. నీడ పొడవు మాత్రం ఆ రెండు కాలమానాలను వేరుచేసి చూపగలదు. స్తంభం ఎత్తును, నీడ కొసను జాగ్రత్తగా కొలవగలిగిన చిత్రం దొరికితే, ఆ రోజున నగర గడియారం ఏ కాలాన్ని చూపిందో నీడ సాక్ష్యం చెప్పగలదు. దిక్కు కోసం మొదలుపెట్టిన వెదుకులాట కాలమాన చరిత్రకు ఇలా దారి చూపుతుంది.

6. అద్దంలో తిరగబడిన చిత్రం

గాజుపలకను తప్పు వైపు నుండి ముద్రిస్తే చిత్రం కుడి ఎడమలు తారుమారవుతాయి. డాగెరోటైప్ చిత్రాలు స్వభావసిద్ధంగానే అద్దంలోని బింబాల వలె తిరగబడి ఉంటాయి. నాలుగు ముఖాలు సమానమైన చార్మినార్‌లో ఈ తారుమారు కంటికి తెలియదు. నీడ లెక్కకు మాత్రం ఇదే అన్నిటికంటె ప్రమాదకరం.

తిరగబడిన చిత్రంలో తొమ్మిది గంటల ముల్లు మూడు గంటల చోటికి వస్తుంది. ఉదయపు నీడ సాయంత్రపు నీడవలె కనిపిస్తుంది. రెండు అబద్ధాలు ఒకదానిని ఒకటి సమర్థించుకొంటాయి. పడమరకు చూస్తూ ఉదయం తీసిన చిత్రం తిరగబడితే, తూర్పుకు చూస్తూ మధ్యాహ్నం తీసిన చిత్రంగా అది పూర్తిగా పొసగిపోతుంది. ఉత్తరానికి లేదా దక్షిణానికి చూస్తూ తీసినది తిరగబడితే దిక్కు అలాగే నిలుస్తుంది గాని అంచులలోని తూర్పు పడమరలు మారిపోతాయి. అంటే కమాను పేరు సరిగానే ఉంటుంది, ఎడమ అంచున ఉన్న దుకాణాల వరుస మాత్రం వీధికి అవతలి వైపుకు చేరుతుంది.

దీనిని పట్టుకోవడానికి మొదటి ఆధారం లిపి. గడియారం అంకెలు, దుకాణం పలకలపై అక్షరాలు భూతద్దంతో చూడాలి. అవి చదవలేనంత చిన్నవైతే నీడ పొడవు ఆదుకొంటుంది. హైదరాబాదులో జనవరి మధ్యన ప్రామాణిక కాలం ప్రకారం సూర్యుడు మధ్యాహ్నరేఖను దాటేది సుమారు 12 గంటల 25 నిమిషాలకు. కనుక గడియారపు తొమ్మిది, మూడు గంటలు సూర్యునికి సమానదూరంలో లేవు. మూడు గంటలకు సూర్యుడు 36 డిగ్రీల ఎత్తున ఉంటాడు, నీడ 1.4 రెట్లు ఉండాలి. చిత్రంలో కొలిచిన నీడ రెండింతలు ఉంటే అది మూడు గంటల నీడ కాదు. చిత్రం తిరగబడిందని అప్పుడు తెలుస్తుంది. స్థానిక కాలం చూపే గడియారం ముందు తీసిన చిత్రంలో ఈ తేడా బాగా తగ్గిపోతుంది కనుక అక్కడ లిపి మీదనే ఆధారపడాలి.

7. వేసవి నీడ

ఉత్తరార్ధగోళంలో మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడుతుందన్న సూత్రం యూరప్‌లో ఏడాది పొడవునా నిజం. కర్కటరేఖకు దక్షిణాన ఉన్న తెలుగునేలకు అది నిజం కాదు. హైదరాబాదులో మే రెండవ వారం నుండి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. పరదేశంలో రాసిన పద్ధతిని అలాగే తెచ్చి వాడితే ఈ మూడు నెలల చిత్రాలలో ఉత్తర దక్షిణాలు తారుమారవుతాయి.

భుజ సూత్రం ఈ సంగతిని తనంతట తానే చెబుతుంది. జూన్ 21న క్రాంతి ఉత్తరంగా 23.4 డిగ్రీలు. మధ్యాహ్నం ఛాయాకర్ణం అతి తక్కువగా ఉన్నప్పుడు కూడా కర్ణాగ్ర ఐదు అంగుళాలు. పలభ 3.75 నుండి దానిని తీసివేస్తే ఎప్పుడూ ఋణమే. ఆ రోజు ఏ గంటలోనైనా నీడ కొస దక్షిణానికే వాలి ఉంటుంది. ఏప్రిల్ 20 వంటి రోజున కథ వేరు. సూర్యుడు 41 డిగ్రీల ఎత్తుకు రాక ముందు నీడ దక్షిణానికి వాలుతుంది, ఆ తరువాత ఉత్తరానికి మళ్ళుతుంది, సాయంత్రం తిరిగి దక్షిణానికి వస్తుంది. ఇక విషువత్తు తరువాతి శరదృతువు నుండి మార్చి విషువత్తు వరకు రోజంతా ఉత్తరమే.

సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉన్న చిత్రాలకు మరొక బలహీనత ఉంది. జనవరి ఉదయాన గడియారం 16 నిమిషాలు తప్పితే నీడ దిక్కు 2.4 డిగ్రీలు మారిందని చూశాం. జూన్ 21 మధ్యాహ్నం అదే 16 నిమిషాల తప్పుకు నీడ దిక్కు సుమారు 31 డిగ్రీలు తిరుగుతుంది. నీడ కూడా స్తంభం పాదం చుట్టూ మచ్చలా కుంచించుకుపోతుంది కనుక దాని కొసను నమ్మకంగా గుర్తించలేం. వేసవి మధ్యాహ్నపు చిత్రం నుండి దిక్కు చెప్పకుండా ఊరకుండడమే సరైన పద్ధతి. శీతకాలపు ఉదయం, సాయంత్రం తీసినవి ఈ పనికి శ్రేష్ఠమైనవి. నమూనా చిత్రంలో నీడ పొడవును పదిశాతం ఎక్కువగా కొలిచినా దిక్కు ఒకటిన్నర డిగ్రీ మాత్రమే మారుతుంది. జనవరి 15కు బదులు జనవరి 30 అని తేదీ తప్పుగా రాసి ఉన్నా మార్పు ఐదు డిగ్రీలకు మించదు.

శంకువు ఎంపికలో కూడా జాగ్రత్త అవసరం. వాలిన గుడారపు కర్ర, వంగి నడిచే మనిషి, గోడ మీదికి ఎక్కిన నీడ శంకుచ్ఛాయకు పనికిరావు. నేల వాలుగా ఉంటే నీడ దిక్కు కొంత మారుతుంది. చిత్రంలో రెండవ నీడ దొరికితే దానిని కూడా క్షితిజరేఖ వరకు పొడిగించి చూడాలి. రెండు గీతలు ఒకే బిందువు వద్ద కలవకపోతే ఆ రెండు వస్తువులలో ఒకటి నిలువుగా లేదు, లేదా దాని కింద నేల సమంగా లేదు. చిత్రాన్ని ముద్రణలో కత్తిరించి ఉంటే కాగితం మధ్యం కటకం మధ్యం కాదు. మూలపలక కొలతలు చూడనిదే అటువంటి ముద్రిత ప్రతిపై కోణం లెక్కించకూడదు.

8. ముగింపు

ఒక్క నీడతో కెమెరా దిక్కు తెలుస్తుందన్న మాట నిజమే గాని, ఆ నీడ ఒంటరిగా చెప్పదు. ఊరు తెలియాలి, తేదీ తెలియాలి, ఉదయమా సాయంత్రమా అన్నది తెలియాలి, చిత్రం తిరగబడలేదని తేలాలి. ఈ నాలుగింటిలో ఏది లోపించినా జవాబు ఒకటికి రెండవుతుంది. అందువల్ల చిత్రం కింద దక్షిణ ముఖం అని మాత్రమే రాయడం చాలదు. తేదీ ఎక్కడ దొరికింది, పూర్వాహ్ణమని ఎలా తెలిసింది, ఏ వస్తువు నీడను కొలిచారు, కుడి ఎడమలను దేనితో సరిచూశారు అన్న నాలుగు విషయాలను కూడా రెండు వాక్యాలలో చేర్చాలి. అప్పుడు తరువాతి పరిశోధకుడు ఆ నిర్ణయాన్ని నమ్మవలసిన అవసరం ఉండదు, తానే లెక్కించి చూసుకోగలడు. నమూనా చిత్రంలో ఆ లెక్కకు కావలసినవి 3.75 అంగుళాల పలభ, 10.17 అంగుళాల కర్ణాగ్ర, ఒక దీపస్తంభం పాదం నుండి గీసిన గీత.